తరుగుదల రాస్తే డబ్బు చేరుతుందా? కొత్త మెషిన్ కోసం సింకింగ్ ఫండా, ఓడీయా, లోనా

విజయవాడలో ఒక ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపు లెక్కలు చాలా ఏళ్లుగా నేనే రాస్తున్నాను. నేను ఆడిటర్‌ని కాను, లెక్కలు రాసేవాణ్ని. అయినా ఆ ఓనరు నన్ను ఆడిటర్ గారూ అనే పిలుస్తాడు. ఆయన మెషిన్ 12 లక్షలకు కొన్నది. ఐదేళ్లు పనిచేస్తుందని, చివర్లో పాతదాన్ని అమ్మితే 2 లక్షలు వస్తాయని అనుకుని, స్థిర వాయిదా పద్ధతిలో ఏటా 2 లక్షల చొప్పున తరుగుదల రాస్తూ వచ్చాం. ఐదో ఏడు మార్చి నెలాఖరున ఆస్తి అప్పుల పట్టీ చూపిస్తే ఆయన ఒక్కటే అడిగాడు.

"ఆడిటర్ గారూ, ఏటా రెండేసి లక్షలు తరుగుదల అని తీసేశారు కదా. ఐదేళ్లకి పది లక్షలు. ఆ డబ్బు ఎక్కడుందండీ?"

బ్యాంకులో ఆ రోజు ఉన్నది 38 వేలు.

ప్రశ్నలో తప్పేమీ లేదు. తరుగుదల ఎంట్రీలో లాభనష్టాల ఖాతా ఉంటుంది, మెషినరీ ఖాతా ఉంటుంది, బ్యాంకు ఖాతా మాత్రం ఉండదు. ఆ ఎంట్రీ చేసేదల్లా లాభాన్ని 2 లక్షలు తగ్గించి చూపించడం. ఆ 2 లక్షలు లాభమనుకుని ఓనరు ఇంటికి పట్టుకెళ్లకుండా ఆపుతుంది, అంతే. షాపులో మిగిలిన ఆ డబ్బు తన దారిన తను పోతుంది. కొంత ఇంకు స్టాకులోకి, కొంత ఎన్నికలప్పుడు అప్పుకు వేయించుకుని ఇంకా ఇవ్వనివాళ్ల బాకీల్లోకి, కొంత అద్దె అడ్వాన్సులోకి పోయింది. పోగొట్టుకున్నదేమీ లేదు. కానీ కొత్త మెషిన్ అమ్మేవాడికి బాకీల లిస్టు ఇచ్చి మెషిన్ తెచ్చుకోలేం కదా.

అందుకే రెండో మెషిన్ దగ్గర ఆయన ముందు మూడు దారులు పెట్టాను. పాత పద్ధతిలోనే తరుగుదల రాసి, టైమొచ్చినప్పుడు లోను తీసుకోవడం ఒకటి. ఏటా కొంత డబ్బు విడిగా తీసి వడ్డీకి వేయడం, అంటే సింకింగ్ ఫండ్, రెండోది. అదే డబ్బును ఓడీ, అంటే బ్యాంకు ఇచ్చిన పరిమితి వరకు అప్పు తీసుకుంటూ కడుతూ ఉండే ఓవర్‌డ్రాఫ్ట్ ఖాతాలో కట్టేసి, మెషిన్ కొనేరోజు మళ్లీ తీసుకోవడం మూడోది. కామర్స్ పుస్తకాల్లో రెండోదాన్ని తరుగుదల నిధి పద్ధతి అంటారు. ఇంటర్, బీకాం పిల్లలు దీన్ని పరీక్ష లెక్కగా చేస్తారు కానీ, నిజంగా ఎప్పుడు పనికొస్తుందో ఎవరూ చెప్పరు.

ఏటా ఎంత తీయాలి

కావలసింది 12 లక్షలు కాదు, 10 లక్షలు. పాత మెషిన్ అమ్మితే వచ్చే 2 లక్షలు తీసేయాలి. ఐదేళ్లు, ప్రతి ఏడాది చివర ఒకసారి, 6 శాతం వడ్డీ. వడ్డీయే లేకపోతే ఏటా 2 లక్షలు తీయాలి. వడ్డీ తోడవుతుంది కాబట్టి అంతకంటే తక్కువ చాలు. సూత్రం ఇది:

```
A = F × r / ((1 + r)^n − 1)
```

F అంటే చివరికి చేరాల్సిన మొత్తం, r వడ్డీ రేటు, n ఏళ్లు. చేత్తో చేయనక్కర్లేదు, ఎక్సెల్‌లో ఒక్క వరస కొడితే వచ్చేస్తుంది:

```
=PMT(6%,5,0,-1000000)
```

వచ్చే జవాబు రూ. 1,77,396. పరీక్షల్లో అయితే "సింకింగ్ ఫండ్ పట్టిక ప్రకారం రూపాయికి 0.177396" అని ఇచ్చేస్తారు, గుణించడమే. ఏడాది చివర కాకుండా మొదట్లోనే వేస్తే రూ. 1,67,355 చాలు. ఆ ఎక్సెల్ వరసలో చివర కామా పెట్టి 1 చేర్చితే ఆ అంకె వస్తుంది. కానీ ఏడాది మొదట్లో అంత డబ్బు చేతిలో ఉండే షాపులు నాకు పెద్దగా తగల్లేదు.

ఫండ్ పెరిగే తీరు ఇలా ఉంటుంది:

| ఏడాది | వచ్చిన వడ్డీ | ఆ ఏటి వాయిదా | ఏడాది చివర ఫండ్ |
|---|---|---|---|
| 1 | – | 1,77,396 | 1,77,396 |
| 2 | 10,644 | 1,77,396 | 3,65,436 |
| 3 | 21,926 | 1,77,396 | 5,64,758 |
| 4 | 33,885 | 1,77,396 | 7,76,039 |
| 5 | 46,562 | 1,77,399 | 10,00,000 |

చివరి వాయిదాలో 3 రూపాయలు ఎక్కువ ఉన్నది పైసలు వదిలేసిన తేడా సర్దడానికి. పరీక్షలోనూ, పుస్తకాల్లోనూ ఆ సర్దుబాటు ఐదో ఏడే చేస్తారు. మొత్తం మీద జేబులోంచి పోయింది రూ. 8,86,983, వడ్డీగా వచ్చింది రూ. 1,13,017.

ఇక్కడే చాలామంది ఒక మాట అంటారు: "స్థిర వాయిదా పద్ధతిలో 2 లక్షలు పోతుంది, దీంట్లో 1,77,396 చాలు, అంటే ఏటా 22 వేల పైచిలుకు లాభం పెరిగినట్టే కదా." కాదు. ఈ పద్ధతిలో ఫండ్ మీద వచ్చిన వడ్డీ లాభనష్టాల ఖాతాలోకి రాదు, నేరుగా ఫండ్‌లో కలుస్తుంది. ఆదాయంగా చూపించాల్సిన లక్షా పదమూడు వేలను చూపించకుండా, ఖర్చును కూడా అంతే తగ్గించి చూపిస్తున్నాం.

ఎంట్రీలు, ఒక్కో ఏడాదికి

మెషిన్ కొన్నరోజు ఎంట్రీ మామూలే. మెషినరీ ఖాతా డెబిట్ 12,00,000, బ్యాంకు ఖాతా క్రెడిట్. ఆ తర్వాత ఐదేళ్లూ ఈ మెషినరీ ఖాతాను ముట్టుకోం. ఈ పద్ధతిలో ముందుగా అలవాటు చేసుకోవాల్సింది అదే. ఆస్తి 12 లక్షల మీదే నిలబడి ఉంటుంది. తరుగుదల దాంట్లోంచి తగ్గదు, అవతల ఫండ్‌గా పేరుకుంటుంది.

మొదటి ఏడాది చివర మూడు ఎంట్రీలు.

తరుగుదల ఖాతా డెబిట్ 1,77,396
తరుగుదల నిధి ఖాతా క్రెడిట్ 1,77,396

లాభనష్టాల ఖాతా డెబిట్ 1,77,396
తరుగుదల ఖాతా క్రెడిట్ 1,77,396

తరుగుదల నిధి పెట్టుబడుల ఖాతా డెబిట్ 1,77,396
బ్యాంకు ఖాతా క్రెడిట్ 1,77,396

ఓనరు అడిగిన ప్రశ్నకు జవాబు ఈ మూడో ఎంట్రీ. మొదటి రెండూ కాగితం మీద పనులు. మూడోది రాయాలంటే బ్యాంకుకు వెళ్లి నిజంగా డిపాజిట్ చేయాలి.

రెండో ఏడాది చివర వడ్డీ వస్తుంది. బ్యాంకు ఖాతా డెబిట్ 10,644, పెట్టుబడుల మీద వడ్డీ ఖాతా క్రెడిట్. తర్వాత ఆ వడ్డీ ఖాతా డెబిట్, తరుగుదల నిధి ఖాతా క్రెడిట్. ఆపైన మొదటి ఏడాది లాగే 1,77,396కి తరుగుదల ఎంట్రీలు. ఇక పెట్టుబడి పెట్టేటప్పుడు వాయిదా ఒక్కటే కాదు, వడ్డీ కూడా కలిపి వేయాలి:

తరుగుదల నిధి పెట్టుబడుల ఖాతా డెబిట్ 1,88,040
బ్యాంకు ఖాతా క్రెడిట్ 1,88,040

మూడో ఏడాది ఇదే ఎంట్రీ 1,99,322కి, నాలుగో ఏడాది 2,11,281కి. వడ్డీని మళ్లీ వేయడం మర్చిపోతే లెక్క మొత్తం కూలిపోతుంది. ఆ 0.177396 అన్న అంకెలోనే చక్రవడ్డీ కలిసి ఉంది మరి. వడ్డీ కరెంటు ఖాతాలో పడి అక్కడే ఖర్చయిపోవడం నేను చూసిన తప్పుల్లో మొదటిది. దీన్ని పట్టుకోవడం చాలా తేలిక. ప్రతి మార్చి 31న తరుగుదల నిధి నిల్వ, నిధి పెట్టుబడుల నిల్వ ఒకటే ఉండాలి. మూడో ఏడాది చివర అటు 5,64,758 ఉంటే ఇటూ 5,64,758 ఉండాలి. ఫండ్ ఎక్కువగా, పెట్టుబడి తక్కువగా ఉందంటే ఆ తేడా డబ్బు ఎవరో వాడేసుకున్నారన్నమాట. ఇంకే పరీక్షా అక్కర్లేదు.

క్యుములేటివ్ ఎఫ్‌డీ అయితే వడ్డీ బ్యాంకు ఖాతాలోకి రాదు, డిపాజిట్‌లోనే కలుస్తుంది. అప్పుడు బ్యాంకు ఎంట్రీ అవసరం లేదు. పెట్టుబడుల ఖాతాను వడ్డీ మేరకు డెబిట్ చేసి వడ్డీ ఖాతాను క్రెడిట్ చేస్తే సరిపోతుంది. వాడకుండా ఉండటానికి ఇదే మంచి మార్గం కూడా. బ్యాంకు టీడీఎస్ కోసుకుంటే, ఫండ్‌కు పూర్తి వడ్డీనే రాయాలి. కోత పడిన మొత్తాన్ని టీడీఎస్ ఖాతాలో ఆస్తిగా చూపించి, ఆ మేరకు షాపు డబ్బు ఫండ్‌లోకి వేయాలి.

ఐదో ఏడాది దగ్గర పిల్లలు పరీక్షలో పొరబడతారు. వడ్డీ 46,562 వస్తుంది, తరుగుదల 1,77,399 రాస్తాం, రెండూ ఫండ్‌లో పడతాయి. కానీ పెట్టుబడి ఎంట్రీ ఉండదు. మర్నాడే మెషిన్ కొనాల్సినప్పుడు ఈరోజు డిపాజిట్ వేసి ఏం లాభం? వేసినవాటినే తీస్తాం. బ్యాంకు ఖాతా డెబిట్ 7,76,039, నిధి పెట్టుబడుల ఖాతా క్రెడిట్. ఎఫ్‌డీలు కాబట్టి ఇందులో లాభనష్టాలు లేవు. బాండ్లలో పెట్టి ఉంటే, అమ్మినప్పుడు వచ్చిన లాభమో నష్టమో తరుగుదల నిధి ఖాతాకే పోతుంది.

ఇప్పుడు పాత మెషిన్‌ను పుస్తకాల్లోంచి తీసేయాలి.

తరుగుదల నిధి ఖాతా డెబిట్ 10,00,000
మెషినరీ ఖాతా క్రెడిట్ 10,00,000

మెషినరీ ఖాతాలో ఇంకా 2 లక్షలు మిగులుతుంది. అంతకు అమ్ముడుపోతే గొడవ లేదు. పాత మెషిన్‌కు 1,60,000 మాత్రమే వచ్చిందనుకుందాం. బ్యాంకు ఖాతా డెబిట్ 1,60,000, లాభనష్టాల ఖాతా డెబిట్ 40,000, మెషినరీ ఖాతా క్రెడిట్ 2,00,000. అక్కడికి ఆ ఖాతా మూసుకుంటుంది. చేతికొచ్చింది 7,76,039 ఎఫ్‌డీలు, 46,562 వడ్డీ, బయటికి తీయకుండా ఉంచిన 1,77,399, పాత మెషిన్ ధర 1,60,000. మొత్తం 11,60,000. మెషిన్ ధర 12 లక్షలే ఉంటే జేబులోంచి 40 వేలు వేసుకుంటే చాలు.

లోనుతో పోలిస్తే

మొదటి దారిలో ఐదేళ్లూ ఏమీ దాచం. చివర్లో 10 లక్షలు లోను తీసుకుంటాం. 11 శాతం వడ్డీ, ఐదేళ్లు, ఏటా ఒక వాయిదా అనుకుంటే ఏడాదికి రూ. 2,70,570 కట్టాలి. ఫండ్ అయితే 1,77,396. ఏడాదికి 93 వేల తేడా. ఒకదాంట్లో ముందు దాచి తర్వాత కొంటాం, ఇంకోదాంట్లో ముందు కొని తర్వాత కడతాం. ఆ 93 వేలు ముందు కొన్నందుకు కట్టే ధర.

అలాగని లోను ఎప్పుడూ చెడ్డదని చెప్పను. షాపు మొదటి రెండు మూడేళ్లలో చేతిలో ఉన్న ప్రతి రూపాయికీ పని ఉంటుంది. ఇంకు రొక్కానికి కొంటే వచ్చే డిస్కౌంటు, ఇంకో పనివాడిని పెట్టుకుంటే రాత్రి షిఫ్టులో వచ్చే ఆర్డర్లు, ఇవి 6 శాతం కంటే చాలా ఎక్కువ తెచ్చిపెడతాయి. అలాంటి షాపు డబ్బు తీసి ఎఫ్‌డీలో పెడితే ఎదుగుదలకు తాళం వేసినట్టే. కానీ ఆ సంపాదన నిజంగా ఉందా, లేక బాకీల్లో ఇరుక్కుందా అన్నది చూసుకోవాలి. మా ఓనరు డబ్బు ఏ 20 శాతమూ సంపాదించలేదు, ఒక మాజీ కార్పొరేటర్ బాకీలో పడి ఉంది.

ఓడీ ఉన్నవాళ్లకు లెక్క వేరు

ఇదే నా అసలు సలహా, కాబట్టి కాస్త ఆగి చెబుతాను. మీకు బ్యాంకులో ఓడీ ఉండి, ఏడాది పొడుగునా అందులో పది లక్షల దాకా వాడకంలో ఉంటే, పక్కన సింకింగ్ ఫండ్ పెట్టడం సొంత డబ్బుకు చిల్లు పెట్టుకోవడమే. ఓడీకి 11 శాతం కడుతూ ఎఫ్‌డీలో 6 శాతం తీసుకుంటున్నారు. అదే 1,77,396ను ప్రతి ఏడాది చివర ఓడీలో జమ చేస్తే, తగ్గిన వడ్డీని కూడా అందులోనే ఉంచేస్తే, ఐదేళ్ల చివర ఓడీ మామూలుగా ఉండాల్సిన దానికంటే రూ. 11,04,787 తక్కువ ఉంటుంది. ఫండ్ ఇచ్చే 10 లక్షల కంటే లక్షకు పైగా ఎక్కువ.

ఈ పొరపాటు ఒక దేశమే చేసింది. బ్రిటన్‌లో జాతీయ రుణం తీర్చడానికి 1786లో ప్రధాని పిట్ ప్రభుత్వం సింకింగ్ ఫండ్ పెట్టింది. చక్రవడ్డీ మహిమతో అప్పు తీరిపోతుందన్నారు. తీరా ఫ్రాన్స్‌తో యుద్ధాలు వచ్చాక ఫండ్‌లో వేయడానికే కొత్త అప్పులు చేస్తూ పోయారు. అప్పుచేసి ఫండ్‌లో వేస్తే అప్పు తగ్గదని, ఖర్చు మాత్రం పెరుగుతుందని రాబర్ట్ హామిల్టన్ అనే స్కాటిష్ గణిత ఆచార్యుడు 1813లో లెక్కవేసి చూపించాడు. ఆ ఫండ్‌కు ముందు 1717 నాటిది ఇంకొకటి ఉండేది. అది పెట్టించిన ఆర్థిక మంత్రి వాల్‌పోల్ 1733లో తనే దాంట్లోంచి డబ్బు తీసి మామూలు ఖర్చులకు వాడేశాడు, భూమి పన్ను పెంచాల్సి రాకుండా. సింకింగ్ ఫండ్‌కు వచ్చే రెండు జబ్బులూ ఈ రెండు కథల్లో ఉన్నాయి. మూడు వందల ఏళ్లయినా మందు మారలేదు.

మరైతే ఓడీ దారికి ఇబ్బంది లేదా? ఉంది, రెండు రకాలుగా. ఓడీ ఏటేటా రెన్యూ కావాలి. మీరు పరిమితి వాడకుండా ఖాళీగా ఉంచితే, వచ్చే ఏడాది బ్యాంకు ఆ పరిమితినే తగ్గించవచ్చు. మీరు తీసుకోగలిగేది స్టాకు, బాకీల స్టేట్‌మెంట్ మీద లెక్కగట్టిన డ్రాయింగ్ పవర్‌ను బట్టి ఉంటుంది. స్టాకు తగ్గిన నెలలో మెషిన్ చెడిపోతే, పది లక్షలు తీద్దామన్నా రాకపోవచ్చు. పైగా ఓడీ స్వల్పకాలం నడుపుకోవడానికి ఇచ్చేది, దాంతో మెషిన్ కొంటే మేనేజరు ముఖం చిట్లిస్తాడు. రెండో ఇబ్బంది మనిషిది. ఎఫ్‌డీ పగలగొట్టాలంటే బ్యాంకుకు వెళ్లాలి, సంతకం పెట్టాలి, పెనాల్టీ కట్టాలి, కాస్త సిగ్గుపడాలి. ఓడీలోంచి తీయడానికి ఒక చెక్కు చాలు. మా ఓనరుకు ఈ సంగతి చెబితే, "నా సంగతి నాకు తెలుసండీ, ఓడీలో ఉంటే ఆగదు" అన్నాడు.

చివరికి ఇద్దరం కలిసి మధ్యేమార్గం చూశాం. మొదటి మూడేళ్ల వాయిదాలు ఓడీకి కట్టడం, ఓడీ పూర్తిగా తీరాక మిగతా రెండేళ్లవి ఎఫ్‌డీ వేయడం. ఇలా చేస్తే పుస్తకాల్లో తరుగుదల నిధి పెట్టుబడుల ఖాతా అని రాయకూడదు, ఎందుకంటే మొదటి మూడేళ్లు పెట్టుబడి లేదు. స్థిర వాయిదా తరుగుదలే రాసుకుని, పక్కన ఒక నోటు పుస్తకంలో ఎంత ఓడీకి కట్టామో రాసి పెట్టుకున్నాం. పద్ధతి పేరు లేకపోయినా డబ్బు ఉంది.

ఫండే ఎంచుకుంటే జాగ్రత్త పడాల్సినవి

ముందుగా పన్ను. ఫండ్ వడ్డీ లాభనష్టాల ఖాతాలోకి రాలేదు కదా అని రిటర్నులో చూపించడం మానేస్తారు. ఆదాయపు పన్ను శాఖకు మీ తరుగుదల నిధితో సంబంధం లేదు. వడ్డీ ఏఐఎస్ అనే వాళ్ల వార్షిక సమాచార పట్టీలో కనిపిస్తుంది, రిటర్నులో లేకపోతే నోటీసు వస్తుంది. అలాగే ఫండ్‌లో వేసిన 1,77,396కి పన్ను మినహాయింపు ఏమీ లేదు. పన్ను లెక్కకు మామూలు మెషినరీ తరుగుదల 15 శాతం, తగ్గుతున్న విలువ మీద. మొదటి ఏడాది 1,80,000, రెండో ఏడాది 1,53,000, అలా పోతుంది. పుస్తకాల్లో ఏ పద్ధతి ఉన్నా అది వేరే కాగితం మీద వేసుకోవాల్సిందే.

వడ్డీ మీద పన్నును ఆ వడ్డీలోంచే కడితే మీ 6 శాతం 6 శాతం కాదు. భాగస్వామ్య సంస్థకు సెస్సు పక్కన పెట్టినా 30 శాతం పన్ను, అంటే చేతికి మిగిలేది 4.2 శాతం. అప్పుడు 1,77,396 చొప్పున వేస్తే ఐదేళ్లకు చేరేది సుమారు 9,64,700. 35 వేల పైన లోటు. 10 లక్షలు కచ్చితంగా కావాలంటే వాయిదా 1,83,891 ఉండాలి. లెక్క మొదట్లోనే పన్ను పోగా మిగిలే రేటుతో వేసుకోవడం మంచిది.

ధరలు పెరగడం ఇంకా పెద్ద సంగతి. పుస్తకాల్లో లెక్క అంతా పాత మెషిన్ కొన్న ధర మీదే. అదే రకం మెషిన్ ధర ఏటా 5 శాతం పెరిగితే ఐదేళ్లకు 12 లక్షలది 15,31,538 అవుతుంది. పాతది అమ్మిన 2 లక్షలు పోను 13,31,538 కావాలి, ఏటా వాయిదా 2,36,210. అంటే 58,814 అదనం. ఈ అదనాన్ని తరుగుదలగా రాయడం తప్పు. 12 లక్షలకు కొన్న వస్తువు 12 లక్షల కంటే ఎక్కువ తరగదు. ఆ 58,814ని లాభంలోంచి వేరే తీసి, మెషినరీ మార్పిడి రిజర్వు అని పేరు పెట్టి, దాని డిపాజిట్ కూడా విడిగా వేయాలి. అలాగని ధర పెరిగి తీరుతుందనీ లేదు, కొన్ని మెషిన్లు ఐదేళ్లలో చవకవుతాయి కూడా. ఏటా మార్చిలో డీలరు దగ్గర ఒక కొటేషన్ తీసుకుని, మిగిలిన ఏళ్ల వాయిదా సరిచేసుకోవడం నా అలవాటు.

డిపాజిట్లు వేసేటప్పుడు అన్నీ ఒకేరోజు చేతికొచ్చేలా వేయండి. మొదటి ఏటి డబ్బు నాలుగేళ్లకు, రెండోది మూడేళ్లకు, మూడోది రెండేళ్లకు, నాలుగోది ఏడాదికి. ఏడాదికోసారి రెన్యూ చేస్తే రేటు తగ్గినప్పుడల్లా ఫండ్ కుంటుతుంది. ఏడాది చివర పెద్ద మొత్తం కష్టమైతే నెలకు 14,783 చొప్పున ఆర్‌డీ వేసుకోవచ్చు, వడ్డీ ఒక పిసరు ఎక్కువే వస్తుంది. "చీటీ వేస్తే ఎక్కువొస్తుంది కదా" అని అడిగేవాళ్లుంటారు. రిజిస్టరైన చీటీ అయితే మెషిన్ ముందే చెడిపోయినప్పుడు పాడుకోవచ్చన్న సుఖం ఉంది. కానీ అందులో వచ్చేది పాటను బట్టి, కాబట్టి ఏటా ఎంత వేయాలో ముందే తేల్చే లెక్కకు అది ఒదగదు. ఎల్ఐసీ ఎండోమెంట్ పాలసీ పెట్టి చేసే బీమా పాలసీ పద్ధతి కూడా పుస్తకాల్లో ఉంటుంది. చివర్లో వచ్చే మొత్తం తెలిసిపోతుంది, అదొక్కటే దాని బలం. రాబడి తక్కువ, మధ్యలో ఆపితే చేతికొచ్చేది ఇంకా తక్కువ. ఐదేళ్ల మెషిన్‌కు నేనైతే దాని జోలికి పోను.

ఇక ఫండ్ ముట్టుకోవాల్సిన సందర్భం. మూడో ఏడాది మెషిన్ ప్రింట్ హెడ్ పోయిందనుకుందాం. ఓనరు ఎఫ్‌డీ పగలగొడదామంటాడు. హెడ్ మార్చడం మరమ్మతు, మెషిన్ మార్చడం కాదు. ఆ ఖర్చు ఆ ఏటి లాభనష్టాల ఖాతాలోకి పోవాలి, ఫండ్ మీద పడకూడదు. పడితే ఐదో ఏడు కొత్త మెషిన్ కొనేటప్పుడు అంతకంత లోటు. మరీ కటకటగా ఉంటే ఎఫ్‌డీ మీద లోను తీసుకోవచ్చు. వడ్డీ డిపాజిట్ రేటు కంటే కొంచెం ఎక్కువ ఉంటుంది, కానీ డిపాజిట్ అలాగే ఉంటుంది, ఫండ్, పెట్టుబడి నిల్వలు మార్చిలో సరిపోతాయి.

ఫండ్‌కు ఉన్న ఒక గొప్ప గుణం మాత్రం 2022లో తెలిసొచ్చింది. ఆ ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో ప్లాస్టిక్ ఫ్లెక్సీల మీద నిషేధం ప్రకటించారు. ప్రింటింగ్ షాపులవాళ్లందరికీ టెన్షన్ పట్టుకుంది. మెషిన్ అరగకముందే దాని పని అయిపోతుందేమోనని, గుడ్డ మీద ప్రింటు చేసే మెషిన్ల ధరలు అడగడం మొదలుపెట్టారు. లోను మీద మెషిన్ కొన్నవాళ్లు వాయిదాలు కడుతూనే ఉండాలి. ఎఫ్‌డీలు ఉన్నవాళ్లకు ఆ డబ్బు ఏ మెషిన్‌కైనా వాడుకునే వీలుంది. అనుకున్న ఆయుష్షు కంటే ముందే మెషిన్ మారిస్తే, ఫండ్‌లో ఎంత ఉందో అంతవరకే మెషినరీ ఖాతాకు బదిలీ చేసి, అమ్మగా వచ్చింది కలిపి, మిగిలిన తేడా నష్టంగా రాస్తారు. మూడో ఏడాది చివర మారిస్తే, ఫండ్ 5,64,758, పాత మెషిన్ 4 లక్షలకు పోయిందనుకుంటే, నష్టం 2,35,242.

అపార్ట్‌మెంట్ సంఘాలవాళ్లు, లిఫ్టుకో జనరేటరుకో దాచేవాళ్లు, ఈ పద్ధతిని అలాగే తీసుకోవచ్చు. అక్కడ ఓడీ ఉండదు, వ్యాపారంలో తిప్పుకునే పనీ ఉండదు. డబ్బు ఎఫ్‌డీలో ఉండటమే సరైనది. మనవైపు దాన్ని కార్పస్ ఫండ్ అంటారు కానీ, చాలాచోట్ల అది బిల్డరు దగ్గర ఒక్కసారి తీసుకున్న మొత్తంగానే ఉండిపోతుంది, లిఫ్టు ధర చూసి ఏటా ఎంత చేర్చాలో ఎవరూ లెక్కవేయరు. ఫ్లాటుకింత అని వాయిదా నిర్ణయించేముందు పైన చెప్పిన PMT వరసలో లిఫ్టు కొటేషన్, ఏళ్లు పెట్టి చూడండి. వచ్చిన అంకెను ఫ్లాట్ల సంఖ్యతో, మళ్లీ 12తో భాగిస్తే నెలకు ఎంతో తెలుస్తుంది. ఆ డిపాజిట్ రసీదులు మాత్రం మెయింటెనెన్స్ ఖాతాకు సంతకం పెట్టే వ్యక్తి ఒక్కడి దగ్గరే ఉంచకండి.